ఎవరూ నొక్కని స్విచ్చి

"మా ఊరి ఫీడరే ఎందుకు తీశారు? సబ్‌స్టేషన్‌లో ఎవడో కావాలనే చేశాడు" అని ఒక పాఠకుడు కోపంగా రాశారు. ఒక్కోసారి ఆ స్విచ్చిని ఏ మనిషీ ముట్టుకోడు. కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేది ఫ్రీక్వెన్సీ, అది మామూలుగా 50 హెర్ట్జ్ ఉండాలి. అది పడిపోవడం చూసి రిలే అనే పరికరం తనంతట తానే ఫీడర్‌ని తీసేస్తుంది.

2019 ఆగస్టు 9 సాయంత్రం బ్రిటన్‌లో జరిగింది చూడండి. లైనుపై పిడుగు పడిన కాసేపటికే హార్న్‌సీ సముద్ర గాలిమరల్లో 737 మెగావాట్లు, లిటిల్ బార్‌ఫర్డ్ ఆవిరి టర్బైన్‌లో 244, చిన్న ప్లాంట్లలో దాదాపు 150 పోయాయి. మొత్తం 1,131. ఈ లోటును మొదటి క్షణాల్లో పూడ్చేది తిరుగుతున్న యంత్రాల్లో దాగిన శక్తే. అది ఖర్చవుతుంటే యంత్రాలు నెమ్మదిస్తాయి, వాటితో పాటే ఫ్రీక్వెన్సీ పడుతుంది. అప్పుడు గ్రిడ్‌లో సుమారు 2,10,000 మెగావాట్-సెకన్ల శక్తి ఉంది. ఫ్రీక్వెన్సీ సెకనుకు ఎంత పడుతుందో చెప్పే లెక్క చిన్నదే:

```
50 × 1131 / (2 × 210000) ≈ 0.135 Hz/s
```

అక్కడి చాలా చిన్న ప్లాంట్ల రిలేలకు హద్దు సెకనుకు 0.125. అది దాటగానే ఇంకో 350 మెగావాట్ల వరకు తప్పుకున్నాయి! అయినా ఇలాంటి వేళకని సిద్ధంగా ఉంచిన రిజర్వులు ఫ్రీక్వెన్సీని 49.1 దగ్గర ఆపి, కాస్త పైకి లేపాయి కూడా. అంతలో 210 మెగావాట్ల గ్యాస్ టర్బైన్ ఆగింది. ఫ్రీక్వెన్సీ పడేకొద్దీ మెట్లమెట్లుగా లోడు తీసేలా రిలేలను అమరుస్తారు; 48.8 తాకగానే మొదటి మెట్టు పని చేసి, సుమారు 11 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది.

48.8 ఎందుకు? రిజర్వులు సర్దగలిగే లోటుకు ఇళ్ల కరెంటు తీయకూడదు కాబట్టి అక్కడ మొదటి మెట్టు 49కి దిగువన ఉండాలి. 47.5 కన్నా కిందికి పోతే జనరేటర్లే విడిపోవచ్చు కాబట్టి చివరి మెట్టు దానికి పైనే ముగియాలి. ఆ మధ్యలో బ్రిటన్ తొమ్మిది మెట్లు పెట్టింది. మొదటివి 48.8, 48.75, 48.7.

నన్ను ఆకట్టుకునేది మెట్ల మధ్య ఎడమే. రిలే కొలిచి, బ్రేకర్ తెరుచుకునేసరికి 0.2 సెకను పడుతుందనుకుందాం. సెకనుకు 0.135 చొప్పున పడితే ఈలోగా జారేది 0.027. అది 0.05 ఎడంలోపే. అదే సెకనుకు 0.5 చొప్పున పడితే 0.1 జారుతుంది. మొదటి మెట్టు ఫలితం కనిపించకముందే రెండోది, మూడోది కూడా కదిలిపోతాయి. అవసరానికి మించి లోడు తీస్తే ఫ్రీక్వెన్సీ 50 దాటి, ఆ వైపు కూడా ప్లాంట్లు విడిపోయే ప్రమాదం. ఎడం పెంచితే ఈ భయం తగ్గుతుంది కానీ, 47.5కి చేరేలోపు పట్టే మెట్లూ తగ్గుతాయి. మన దేశంలో 49.4 నుంచి 48.8 దాకా 0.2 ఎడంతో నాలుగే మెట్లు. పడే వేగాన్నే చూసి తీసే రిలేలు వేరే ఉన్నాయి.

ఇప్పటి తలనొప్పి ఇంకొకటి. ఏ ఫీడర్ తీయాలో ఒకప్పటి లోడు చూసి నిర్ణయిస్తారు. తర్వాత ఆ ఊళ్లో డాబాలన్నిటి మీదా సోలార్ పలకలు లేస్తే, మధ్యాహ్నం ఆ ఫీడర్ తీసినప్పుడు వాడకంతోపాటు ఉత్పత్తీ పోతుంది. 10 మెగావాట్ల ఇళ్ల వాడకంలో 7 సోలారే ఇస్తుంటే, గ్రిడ్‌కు దిగే బరువు 3 మాత్రమే.