రాత్రి పదకొండింటికి టైప్ చేసిన ఫిర్యాదు

గుంటూరు బ్రాడీపేటలో మేం ఉండేది రెండో అంతస్తు, 202. జూన్ 8 రాత్రి పిల్లల గదిలో లైటు హోల్డర్ నుంచి నీటి బొట్లు పడుతుంటే మా ఆవిడ చూసింది. దాని పైన 302 వాళ్ల బాత్రూమ్. ఆ గదికి కరెంటు ఆపేసి, పిల్లల్ని హాల్లో పడుకోబెట్టి, ఫోను తీసి అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి ఇలా టైప్ చేశాను:

“నాలుగు నెలలుగా మొత్తుకుంటున్నా. ఒక్కసారైనా పట్టించుకున్నారా? 302 వాళ్లు మీకు కావలసినవాళ్లు కాబట్టే వాళ్లనేమీ అనరు. మెయింటెనెన్స్ మాత్రం ఒకటో తారీఖుకల్లా కట్టాలి. మా ఇల్లు కూలాక వస్తారా? సిగ్గుండాలి.”

“పొద్దున పంపుదురుగాని, ఫోను ఇటివ్వండి” అని మా ఆవిడ లాగేసుకుంది. నేను చేసేది మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగం. అయినా ఆ పూట నాకంటే ఆవిడకే ఎక్కువ తెలిసింది.

రాసేవాడికి తన వాక్యం తన గొంతులోనే వినిపిస్తుంది. చదివేవాడికి ఆ గొంతు ఉండదు, అక్షరాలే ఉంటాయి. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు, వాళ్ల సహచరులు దీన్ని కొలిచి చూశారు. కొందరు విద్యార్థులు కొన్ని వాక్యాలను నిజంగానూ, కొన్నిటిని వెటకారంగానూ అవతలివాళ్లకు చేరవేయాలి. కొందరు ఈమెయిల్‌లో, కొందరు మాటల్లో. ఏది వెటకారమో అవతలివాళ్లు నూటికి 78 సార్లు పట్టేస్తారని పంపినవాళ్ల అంచనా. గొంతు విన్నవాళ్లు 73 సార్లు పట్టారు. ఈమెయిల్ చదివినవాళ్లు 56 సార్లే. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా 50 వస్తుంది కదా. “మా ఇల్లు కూలాక వస్తారా” అన్నప్పుడు నా చెవికి వినిపించింది భయం, పిల్లల గది మీద దిగులు. ఆయన కళ్లకు కనిపించేది ఎత్తిపొడుపు.

సరే, కోపం వెళ్లగక్కేస్తే తేలికపడతాం కదా అంటారు చాలామంది. 2002లో అచ్చయిన మనస్తత్వశాస్త్రజ్ఞుడు బ్రాడ్ బుష్‌మన్ ప్రయోగం దానికి అడ్డం వస్తుంది. 600 మంది విద్యార్థులకు, వాళ్లు రాసిన వ్యాసాన్ని దారుణంగా తిట్టించి కోపం తెప్పించారు. తర్వాత కొందరు ఆ తిట్టినవాణ్ణే తలుచుకుంటూ గుద్దుళ్ల సంచిని గుద్దారు. కొందరు వ్యాయామం అనుకుంటూ గుద్దారు. ఇంకొందరు ఏమీ చేయకుండా కూర్చున్నారు. తిట్టినవాణ్ణి తలుచుకుంటూ గుద్దినవాళ్లకే కోపం ఎక్కువ మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లు వాళ్లకంటే నయం. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, తెల్లారేదాకా ఆగడం ఒక్కటే చాలదు. ఆగినంతసేపూ ఆ మెసేజ్‌నే పదిసార్లు చదువుకుంటే మనం సంచిని గుద్దుతున్నట్టే. ఫోను మా ఆవిడ దిండు కింద ఉండటం వల్లే నాకా రాత్రి నిద్ర పట్టింది.

అలాగని ఆ మెసేజ్‌ని చెరిపేయకూడదు. కోపంలో రాసినదాంట్లో దెబ్బ ఎక్కడ తగిలిందో ఉంటుంది. మర్యాదగా కొత్తగా మొదలుపెడితే అదే జారిపోతుంది. అందుకే పొద్దున కాఫీ తాగుతూ ఒక్కో వాక్యాన్నీ ఒకే ప్రశ్న అడిగాను: ఇది నేను చూశానా, ఊహించానా?

“నాలుగు నెలలు” దగ్గరే దొరికిపోయాను. పాత మెసేజ్‌లు వెనక్కి తిప్పితే మొదట చెప్పింది మార్చి 12న. మూడు నెలలు కూడా నిండలేదు. “ఒక్కసారైనా” అన్నదీ తప్పే. ఏప్రిల్ 20న ఆయన ప్లంబర్‌ని పంపారు, 302 తాళం వేసి ఉంటే అతను తిరిగి వెళ్లిపోయాడు. ఇలాంటి మాటలు ఎంత ప్రమాదమో చూడండి. “నాలుగు నెలలు ఎక్కడండీ? ప్లంబర్‌ని పంపలేదా?” అని ఆయన రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ రెండూ నిజమే కాబట్టి నా దగ్గర జవాబు ఉండదు. సీలింగ్ మాత్రం కారుతూనే ఉంటుంది.

“కావలసినవాళ్లు కాబట్టే” అన్నది పూర్తిగా ఊహ. ఎదుటివాడి పని ఆలస్యమైతే వాడి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకోకుండా అది వాడి బుద్ధే అనుకోవడం మనుషుల్లో బాగా కనిపించే పొరపాటు. లీ రాస్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1977లో దీనికి మౌలిక ఆపాదన దోషం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. బుద్ధి మీద నింద వేశామంటే అవతలి మనిషి ముందు దానికే జవాబు చెప్పుకుంటాడు, పైపు సంగతి తర్వాత.

మెయింటెనెన్స్ వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. కొట్టేద్దామనుకున్నా. కానీ నా అసలు మంట అక్కడే ఉంది. నీళ్లు కారడం ఒక ఎత్తు, అడిగినదానికి జవాబు రాకపోవడం ఇంకో ఎత్తు. ఎత్తిపొడుపు తీసేసి ఆ రెండోదాన్ని తేదీలతో పెట్టాను. “సిగ్గుండాలి” తీసేస్తే పోయిందేమీ లేదు. చివరికి పంపింది ఇది:

“సెక్రటరీ గారూ, నమస్కారం. 302 బాత్రూమ్ కింద మా పిల్లల గది సీలింగ్ కారుతోంది. మార్చి 12న మీకు చెప్పాను. ఏప్రిల్ 20న ప్లంబర్ వచ్చి, 302 తాళం ఉండటంతో వెళ్లిపోయాడు. మే 6న, 25న మళ్లీ మెసేజ్ పెట్టాను, ఎప్పుడు చేయిస్తారో తెలియలేదు. నిన్న రాత్రి నీళ్లు లైటు హోల్డర్‌లోకి దిగాయి. ఆ గదికి కరెంటు ఆపేశాం, పిల్లలు హాల్లో పడుకుంటున్నారు. 302 వారితో మాట్లాడి ఈ ఆదివారం లోపు ప్లంబర్‌ని పంపించండి. ఏ రోజో రేపు సాయంత్రంలోగా చెప్పండి. వీలుకాకపోతే అసోసియేషన్ మీటింగ్‌లో పెడతాను.”

తిట్టు లేదు. కానీ ముందుదానికంటే ఇది గట్టిది. గడువు ఉంది, గడువు దాటితే ఏమవుతుందో ఉంది, అదీ నేను నిజంగా చేయగలిగేది.

దీనికి ఉల్టా తప్పు కూడా నేను చేసినవాణ్ణే. మే 25న పెట్టిన మెసేజ్ చూడండి: “సార్, తీరిక ఉన్నప్పుడు ఆ లీకేజీ సంగతి కాస్త చూడండి.” ఆయన బొటనవేలి బొమ్మ పెట్టారు. తప్పు ఆయనది కాదు. అందులో ఏ గదో లేదు, ఎప్పటికో లేదు, చేయకపోతే ఏమవుతుందో లేదు. మర్యాద కోసం కోపంతోపాటు ఫిర్యాదునీ తీసేశాను. “వీలుంటే”, “కాస్త”, “ఏమనుకోకండి” అన్నవి పలకరింపులో ఉంటే ఫరవాలేదు. అడిగే వాక్యంలో చేరితే అది అడగడం కాకుండా పోతుంది.

ఫిర్యాదు మిగిలిందో లేదో తేల్చుకోవడానికి, విషయం తెలియని మనిషికి చూపించి “ఇతనికి ఏం కావాలి, ఎప్పటికి?” అని అడగొచ్చు. నేను మా తమ్ముడికి పంపాను. “ఆదివారంలోపు ప్లంబర్, అంతేగా అన్నయ్యా?” అన్నాడు. మే నాటిది పంపితే “ఏంటి, ఊరికే గుర్తుచేస్తున్నావా?” అన్నాడు.

ఒక్క సంగతి. ఇదంతా ఆగగలిగిన విషయాలకే. గోడకు షాక్ కొడుతుంటే మెసేజ్ దిద్దుతూ కూర్చోరు, మెయిన్ ఆపి ఫోన్ చేస్తారు.

సెక్రటరీ గారు ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. ప్లంబర్ శనివారం వచ్చి 302 బాత్రూమ్‌లో నీళ్లు పోయే చోట అతుకు ఊడిందని తేల్చాడు, బాగుచేశాడు. మరకలు పడిన సీలింగ్‌కి పెయింటు ఖర్చు ఎవరిదన్నది మాత్రం తేలలేదు. దాని మీద రాసిన మెసేజ్ రెండు రోజులుగా నా ఫోన్‌లోనే ఉంది. మొదటి వాక్యంలోనే “ఎప్పుడూ” అని ఉంది.