కూర్చుంటే బీపీ నార్మలే, లేస్తే కళ్ళు తిరుగుతాయి

పడుకున్న మనిషి లేచి నిలబడితే అర లీటరు పైనే రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ జారిపోద్ది. మెడ రక్తనాళాల్లో ఉండే నరాలు వెంటనే అది పసిగట్టి నాళాల్ని బిగించి గుండెని కాస్త స్పీడు చేస్తాయి, అందుకే మనకేం తెలీదు. వయసు పైబడితే ఈ పని మందగిస్తుంది, దానికి టాబ్లెట్లు తోడైతే మెదడుకి రక్తం తగ్గి కళ్ళు బైర్లు కమ్ముతాయి.

రాజాం దగ్గర మా పెదనాన్నకి 74 ఏళ్ళు. పొద్దున్న టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్ర, సాయంత్రం ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్, ఒకటి ఒక డాక్టరు రాస్తే ఇంకోటి ఇంకో డాక్టరు రాశారు. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే 138/80, "బాగానే ఉంది కదా" అనేవారు అందరూ. లేచినప్పుడు బీపీ పడిపోయే ఈ జబ్బు కూర్చోబెట్టి చూస్తే దొరకదు మరి.

చూసే పద్ధతి వేరే. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి, చేతికి పట్టీ అలాగే ఉంచి లేపి నిలబెట్టి ఒకటో నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఇంకోసారి చూడాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, ఇంకో మనిషి పక్కనే పట్టుకోడానికి రెడీగా ఉండాలి. పై నంబరు 20 గానీ కింద నంబరు 10 గానీ తగ్గితే ఉన్నట్టే. మధ్యలో తల తిరిగితే మూడో నిమిషం కోసం ఆగక్కర్లేదు, కూర్చోబెట్టేయండి. ఒకసారి నార్మల్ వచ్చిందని వదిలేయొద్దు కూడా, పొద్దున్నే ఎక్కువగా దొరుకుద్ది.

పెదనాన్నకి పడుకున్నప్పుడు 146/82, ఒక నిమిషానికి 118/70, మూడో నిమిషానికి 112/68. అంటే 34 పడిపోయింది! ఆ కాగితం, మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్తే డాక్టరు ఒంట్లో నీళ్ళు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ లేని మాత్రకి మార్చి, టామ్సులోసిన్ ఖాళీ కడుపుతో వేసుకుంటున్నాడని తెలిసి రాత్రి భోజనం తర్వాతే వేసుకోమన్నారు, ఖాళీ కడుపున ఆ మందు రక్తంలోకి ఎక్కువ ఎక్కేస్తుంది.

మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, మెటోప్రోలాల్, క్లోనిడిన్ లాంటివి ఠక్కున ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగిరిపోద్ది. ఉప్పు నీళ్ళు తాగించేయమనే సలహా కూడా అందరికీ పడదు, మన ఉద్దానం వైపు కిడ్నీ జబ్బులు ఎంతమందికో తెల్సిందే, గుండె నీరసంగా ఉన్నా అంతే.

లేచే ముందు మంచం అంచున కూర్చుని పాదాలు పైకీ కిందకీ ఆడిస్తే పిక్కలు రక్తాన్ని పైకి నెడతాయి. అర్ధరాత్రి బాత్రూమ్‌కి పరిగెత్తకుండా మంచం పక్కనే యూరిన్ బాటిల్ పెట్టుకుంటే మేలు. తల తిరిగిందా, ఎక్కడున్నా అక్కడే కూర్చోవాలి లేదా పడుకుని కాళ్ళు ఎత్తి పెట్టాలి. షుగరు మాత్రలు వాడేవాళ్ళకైతే షుగరు కూడా చూడండి.

స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడినా, మలం నల్లగా తారులా వస్తున్నా, రక్తం పలచన చేసే మందు వాడుతూ పడి తలకి దెబ్బ తగిలినా ఇంట్లో బీపీలు చూసుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.