పాలు కాచడం: పొంగు మీద, మాడు మీద ఉన్న అపోహలు – వాస్తవాలు

అపోహ: పాలు పొంగాయంటే కాగినట్టే.

పొంగు రావడం ఒకటి, పాలు కాగడం ఇంకొకటి. పాలు వేడెక్కేకొద్దీ పైన తడి ఆరి, మాంసకృత్తులు, కొవ్వు కలిసి ఒక తొరక కడుతుంది. అడుగున పుట్టిన ఆవిరి పైకి వచ్చి ఆ తొరక కింద ఇరుక్కుంటుంది. నీళ్లలో అయితే బుడగ పైకి రాగానే పగిలిపోతుంది. పాలలోని మాంసకృత్తులు బుడగకు గట్టి గోడలా పనిచేస్తాయి కాబట్టి అది పగలదు, ఒకదాని మీద ఒకటి పేరుకుని నురుగై లేస్తుంది. అందుకే అంత హఠాత్తుగా పొంగుతాయి. పెద్ద మంట మీద, కలపకుండా ఉంచితే అడుగు మాత్రమే మరిగి ఆవిరి తన్నేస్తుంది. పై పాలు ఇంకా ఆ వేడికి చేరకుండానే పొంగు వచ్చేస్తుంది. మంట తగ్గించి గరిటతో ఒకసారి అడుగు నుంచి తిప్పితే పొంగు దిగుతుంది. ఆ తర్వాత గిన్నె అంతటా బుడగలు వస్తుంటేనే పాలు కాగినట్టు.

అపోహ: గిన్నె మీద అడ్డంగా గరిట పెడితే ఇక పొంగవు.

కొంతవరకే నిజం. నురుగు చెక్క గరిటకు తగిలి కొన్ని బుడగలు పగులుతాయి, కాస్త సమయం దొరుకుతుంది. మంట పెద్దదైతే నురుగు గరిట మీదుగా దాటిపోతుంది. అసలు కాపాడేది గిన్నెలో ఖాళీయే. లీటరు పాలకు రెండు లీటర్ల గిన్నె పెట్టండి, సగానికి మించి నింపొద్దు. పొంగిన పాలు మంటను ఆర్పేస్తే గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. అలా జరిగితే ముందు నాబ్ కట్టేసి, కిటికీ తెరవండి. వాసన పోయేదాకా వెలిగించకండి. స్టవ్ తుడవడం తర్వాత సంగతి.

అపోహ: గిన్నెలో ముందు కాసిని నీళ్లు పోస్తే అడుగంటవు.

ఈ అలవాటు మంచిదే, కానీ కారణం తెలిసి చేయాలి. పొడి గిన్నెలో పాలు పోసి వెంటనే వేడి చేస్తే అడుగున పలచటి పాల పొర ఆరి అతుక్కుంటుంది. రెండు చెంచాల నీళ్లతో గిన్నె తడిపి పోస్తే ఆ మొదటి అతుకు తగ్గుతుంది. అంతకుమించి నీళ్లు చేసేదేమీ లేదు. దాదాపు 70 డిగ్రీలు దాటాక పాలలోని ఒక రకం మాంసకృత్తులు రూపం మారి, పాలలోని కాల్షియంతో కలిసి అడుగుకు అంటుకోవడం మొదలవుతుంది. ఆ దశలో మంటా గిన్నే ముఖ్యం.

పలచటి స్టీలు గిన్నె వేడిని పక్కకు పాకనివ్వదు. మంట తగిలిన చోటే కాలి, బర్నర్ ఆకారంలో గోధుమ రంగు చక్రం పడుతుంది. అడుగున అల్యూమినియం పలక ఉన్న స్టీలు గిన్నె గానీ, దళసరి గిన్నె గానీ వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు పాకకూడదు. పాకితే అంచు మీద పడ్డ పాల చుక్కలు ఎండి మాడతాయి. మాడు వాసనకు అడుగే కారణం అనుకుంటాం, ఈ అంచు కూడా కారణం కావచ్చు.

ఫ్రిజ్‌లోంచి తీసిన లీటరు పాలు ఎలా కాచాలో చూద్దాం. తడిపిన గిన్నెలో పోసి, మధ్య బర్నర్ మీద మధ్యస్థంగా పెట్టండి. ఆవిరి కనిపించేదాకా, నిమిషానికోసారి చదునైన గరిటతో అడుగు తుడుస్తున్నట్టు కలపండి. అంచు చుట్టూ సన్న బుడగలు రాగానే మంట సగానికి తగ్గించి అక్కడే నిలబడండి. మొత్తం సుమారు 10 నిమిషాలు పడుతుంది. పొంగు సగం ఎత్తుకు వచ్చినప్పుడు సిమ్ చేసి ఒకసారి తిప్పండి.

అపోహ: మూడు పొంగులు రావాలి, లేకపోతే పాలు పచ్చివే.

అది పాలను బట్టి ఉంటుంది. పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలను డెయిరీలోనే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేసి ఉంటారు. చల్లగా నిల్వ ఉన్నవైతే ఒక పొంగు వచ్చి దిగగానే ఆపేయొచ్చు. పాలవాళ్లు పోసే పచ్చి పాలను మాత్రం పొంగు దించాక సిమ్‌లో కలుపుతూ 2–3 నిమిషాలు మరగనివ్వండి. అంతకన్నా సేపు కాస్తే నీరు ఇగిరి చిక్కబడతాయి, కొన్ని బి విటమిన్లు తగ్గుతాయి. కోవాకో పాయసానికో అయితే సరే, తాగే పాలకు అవసరం లేదు. మీగడ మందంగా కావాలన్నా ఎక్కువసేపు కాచనక్కర్లేదు. కట్టేశాక కదపకుండా, మీద జల్లెడ మూత వేసి నెమ్మదిగా చల్లారనివ్వండి. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

అపోహ: అడుగంటితే గట్టిగా కలిపేస్తే సర్దుకుంటుంది.

అన్నిటికన్నా చేటు చేసేది ఇదే. గీకితే మాడిన పొర ఊడి పాలంతా వాసన పడుతుంది. గోధుమ రంగు తునకలు పైకి తేలితే, లేదా గరిటకు అడుగు గరుకుగా తగిలితే వెంటనే మంట ఆపండి. కదపకుండా పై పాలను వేరే గిన్నెలోకి వంచి, అడుగున రెండు గరిటెలు వదిలేయండి. వంచిన పాలలోనూ వాసన ఉంటే ఇక పోదు. యాలకులు వేసినా దాన్ని కప్పిపుచ్చడమే.