క్లిక్ చేసి వెంటనే వెనక్కి వస్తే దాని అర్థమేంటి? గూగుల్ డేటా గొడవ వెనక 2005 నాటి కథ

సెర్చ్ గుత్తాధిపత్యం కేసులో గూగుల్ తన దగ్గరున్న క్లిక్ డేటాలో కొంత భాగాన్ని అర్హత ఉన్న పోటీ కంపెనీలకు ఇవ్వాలని వాషింగ్టన్ ఫెడరల్ జడ్జి అమిత్ మెహతా 2025 సెప్టెంబర్‌లో చెప్పారు. కంపెనీ 2026 జనవరిలో అప్పీలుకు వెళ్ళింది. దాంతో ఒక పాత ప్రశ్న మళ్ళీ పైకి వచ్చింది. మనం ఒక ఫలితం మీద నొక్కడం, లోపలికెళ్ళి కాసేపు ఉండడం, లేదా ఆరు సెకన్లలో విసుక్కుని వెనక్కి రావడం, వీటిలో సెర్చ్ ఇంజన్‌కి పనికొచ్చేది ఏముంది? కోర్టుకెక్కి కొట్లాడుకునేంత విలువ వాటికి ఎక్కడి నుంచి వచ్చింది?

సెర్చ్ ఎలా మొదలైందో, లింకుల్ని లెక్కపెట్టి పేజీలకు ర్యాంకు ఇవ్వడం ఎలా వచ్చిందో చాలామందికి తెలిసినదే కాబట్టి నేరుగా 2005కి వెళ్దాం. నా లెక్కలో ఈ తగాదా మొత్తానికి మూలం ఆ ఏడాదే.

అప్పటికి క్లిక్కును ఓటులా చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎక్కువ మంది నొక్కిన పేజీ మంచి పేజీ అని సులువైన లెక్క. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో థార్‌స్టెన్ యోయాకిమ్స్, ఆయన సహచరులు ఈ లెక్కను పరీక్షకు పెట్టారు. విద్యార్థులను కూర్చోబెట్టి, కొన్ని ప్రశ్నలకు గూగుల్‌లో సమాధానం వెతకమన్నారు. వాళ్ళ కళ్ళు తెర మీద ఎక్కడ ఆగుతున్నాయో కనిపెట్టే పరికరం పెట్టారు. మొదటి ఫలితాన్ని, రెండో ఫలితాన్ని వాళ్ళు ఇంచుమించు సమానంగానే చూశారు. నొక్కింది మాత్రం ఎక్కువగా మొదటిదాన్నే.

మొదటిదే నిజంగా మెరుగైనదేమో కదా? ఆ అనుమానం తీర్చుకోవడానికి కొందరికి చెప్పకుండా మొదటి రెండు ఫలితాలను అటూ ఇటూ మార్చి చూపించారు. అప్పుడు కూడా పైనున్నదే గెలిచింది, కింద ఉన్నది మెరుగైనదైనా సరే. గూగుల్ పైన పెట్టిందంటే ఏదో ఉంటుందిలే అన్న నమ్మకం ఆ వేలి చేత నొక్కించింది. అంటే క్లిక్కులో పేజీ నాణ్యత కొంత ఉంటే, ఆ పేజీని ఎక్కడ పెట్టారన్నది కూడా కొంత కలిసిపోయి ఉంది. రెండూ విడదీయకుండా లెక్కపెడితే, పైనున్నది పైనే ఉండిపోతుంది.

అయితే వాళ్ళు క్లిక్కులను పారేయమనలేదు. క్లిక్కును మార్కులా కాకుండా పోలికలా చదవమన్నారు. మనిషి పైనుంచి కిందికి చూస్తాడు కాబట్టి, మూడోదాన్ని నొక్కాడంటే మొదటి రెండూ చూసి వద్దనుకున్నాడని అర్థం. మూడోది ఎంత మంచిదో మనకు తెలియదు. ఆ మనిషి దృష్టిలో ఒకటి, రెండు కంటే మెరుగ్గా కనిపించిందని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక రైతు ఫోన్‌లో 'మామిడి ఆకుల మీద నల్ల మచ్చలు' అని వెతికాడు. మొదటి రెండు ఫలితాలు వదిలేసి మూడోది నొక్కాడు. ఆరు సెకన్లలో వెనక్కి వచ్చాడు. నాలుగోది నొక్కాడు, ఇక ఆ ఫలితాల పేజీకి తిరిగి రాలేదు. పై పద్ధతి ప్రకారం మూడు, నాలుగు రెండూ ఒకటి, రెండు కంటే మేలు. కానీ మూడు మేలా, నాలుగు మేలా? క్లిక్కుల సంగతి చూస్తే రెంటికీ చెరొకటి. ఆ ఆరు సెకన్లను లెక్కలోకి తీసుకుంటే తప్ప తేడా కనిపించదు. మూడో దాని శీర్షిక నచ్చింది, లోపల సరుకు లేదు. 'ఈ ఒక్క చిట్కాతో మచ్చలు మాయం' అని ఊరించి, లోపల ప్రకటనల మధ్య రెండు ముక్కలు రాసే సైట్లు మనకు కొత్తేమీ కాదు.

ఆ ఆరు సెకన్ల సంగతి తేల్చిన పరిశోధన కూడా 2005లోనే అచ్చయింది. మైక్రోసాఫ్ట్‌లో స్టీవ్ ఫాక్స్, సూసన్ డ్యూమే తదితరులు తమ ఉద్యోగుల బ్రౌజర్లలో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టారు. ఎవరైనా ఫలితం నొక్కి చూసి బయటికి రాగానే అది పలకరించేది, ఈ పేజీతో మీ పని అయిందా అని. ఒకవైపు మనిషి నోటి మాట, ఇంకోవైపు అతని ప్రవర్తన, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ఉత్త క్లిక్కు కన్నా, పేజీలో గడిపిన సమయం, అందులోంచి ఎలా బయటపడ్డాడన్నది కలిపి చూస్తే తృప్తిని బాగా పసిగట్టొచ్చని తేలింది. 30 సెకన్లు దాటి ఉంటే పని అయినట్టే అనే వాడుక సెర్చ్ పరిశోధనలో స్థిరపడడానికి మూలం ఇదే. ఫలితాల పేజీకీ సైట్లకూ మధ్య గెంతుతూ తిరగడానికి పోగో స్టికింగ్ అనే పేరు స్థిరపడింది, పిల్లలు ఎక్కి గెంతే స్ప్రింగు కర్ర పేరు మీద.

2005 నాటి మూడో సంగతి 18 ఏళ్ళ దాకా బయటపడలేదు. అప్పట్లో గూగుల్‌లో సెర్చ్ ర్యాంకింగ్ చూసే పాండు నాయక్ 2023 అక్టోబర్‌లో ఇదే కేసులో సాక్ష్యం చెబుతూ నావ్‌బూస్ట్ అనే వ్యవస్థ గురించి మాట్లాడారు. ఏ ప్రశ్నకు ఏ ఫలితాన్ని జనం ఎలా నొక్కారో గుర్తుపెట్టుకుని ర్యాంకును సవరించే ఆ వ్యవస్థ 2005 ప్రాంతం నుంచే ఉందట. అది గత 13 నెలల క్లిక్కులను దాచుకుంటుంది. ఒకప్పుడు 18 నెలలవి దాచేది.

బయట మాత్రం కంపెనీ వేరే పాట పాడుతూ వచ్చింది. ఫలితాల పేజీకి వెనక్కి రావడం లాంటి సూచనలను ర్యాంకింగ్‌కు వాడకుండా ఉండాలనే చూస్తామని, మనుషులు అటూ ఇటూ తిరగడానికి సవాలక్ష కారణాలుంటాయని గూగుల్ ఉద్యోగి జాన్ మ్యూలర్ 2018లో అన్నారు. మరుసటి ఏడాది ఆ కంపెనీకే చెందిన గ్యారీ ఇల్యెస్ ఇంకా ఘాటుగా, పేజీలో గడిపిన సమయం, క్లిక్ రేటు లాంటి సిద్ధాంతాలన్నీ కల్పించిన చెత్తేనని కొట్టిపారేశారు. 2024 మే నెలలో గూగుల్ లోపలి పత్రాలు బయటికొచ్చినప్పుడు నావ్‌బూస్ట్ దగ్గర `goodClicks`, `badClicks`, `lastLongestClicks` అనే పేర్లు కనిపించాయి. సందర్భం లేకుండా, పాత సమాచారం చూసి నిర్ధారణకు రావద్దని కంపెనీ చెప్పింది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే పేర్లు ఉన్నాయే గానీ వాటికి ఎంత బరువు ఇస్తారో అందులో లేదు. అయినా చివరిగా, ఎక్కువసేపు ఆగిన క్లిక్కు అని అర్థం వచ్చే పేరును ఎవరూ ఊరికే పెట్టుకోరు కదా.

వాళ్ళు చెప్పే 'సవాలక్ష కారణాలు' మాత్రం నిజమే. సెర్చ్ ఇంజన్‌కి సైటు లోపల మనం ఏం చేస్తున్నామో తన రికార్డుల్లో కనిపించదు. దానికి తెలిసేది రెండే గుర్తులు: మనం నొక్కిన సమయం, ఆ తర్వాత తన పేజీలో మనం మళ్ళీ ఏదైనా చేసిన సమయం. మధ్యలో ఉన్నదే 'గడిపిన సమయం'. ఆసుపత్రి ఫోన్ నంబర్ కోసం వెతికినవాడు ఐదు సెకన్లలో వెనక్కి వస్తే అతని పని అయినట్టే. నాలుగు ఫలితాలను నాలుగు ట్యాబుల్లో వరసగా తెరిచేవాడి క్లిక్కుల మధ్య ఒక్కో సెకనే ఉంటుంది, అతను ఏదీ తిప్పికొట్టలేదు. పల్లెలో సిగ్నల్ లేక పేజీ తెరుచుకోకముందే వెనక్కి వచ్చినవాడు ఆ పేజీని అసలు చూడనే లేదు. ఇక చివరి క్లిక్కు తర్వాత తిరిగి రానివాడు చదువుకుంటున్నాడో, విసిగిపోయి ఫోన్ జేబులో పెట్టుకున్నాడో చెప్పలేం. 30 సెకన్ల గీత కూడా అన్నిచోట్లా ఒకటే కాదని, విషయాన్ని బట్టి, పేజీ పొడవును బట్టి మారాలని 2014లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులే చూపించారు.

గూగుల్ ఇంజనీర్ పాల్ హార్ 2016లో ఒక సదస్సులో ఇచ్చిన ఉదాహరణ నాకు బాగా నచ్చుతుంది. రెండు పేజీలున్నాయి, రెండింట్లోనూ సమాధానం ఉంది. రెండో పేజీ సమాధానం ఫలితాల జాబితాలోనే చిన్న ముక్కగా కనిపిస్తుంది. మొదటి పేజీని పైన పెడితే జనం నొక్కుతారు, లెక్కలో అది మంచి ఫలితం. రెండోదాన్ని పైన పెడితే చదివేసుకుని వెళ్ళిపోతారు, క్లిక్కే ఉండదు, లెక్కలో అది చెడ్డది. నిజానికి మనిషికి మేలు చేసింది రెండోదే.

ఇన్ని చిక్కులున్నా క్లిక్కులను వదులుకోలేకపోవడానికి కారణం సంఖ్య. ఒక రైతు ఆరు సెకన్లలో వెనక్కి రావడం ఏమీ రుజువు చేయదు. అదే ప్రశ్న అడిగిన వేలమందిలో ఎక్కువ శాతం మూడో పేజీ నుంచి త్వరగా తిరిగి వచ్చి, నాలుగోదాని దగ్గర ఆగితే, ట్యాబుల అలవాటు, సిగ్నల్ బాధ అన్ని పేజీలకూ ఇంచుమించు సమానంగా పంచుకుపోతాయి. మిగిలే తేడా పేజీలదే. అందుకే దీన్ని సెకన్లలో కాక, అదే ప్రశ్నకు వచ్చిన తోటి ఫలితాలతో, ఆ స్థానంలో ఏ పేజీకైనా సహజంగా వచ్చే క్లిక్కులతో పోల్చి చూడాలి. వెనక్కి వచ్చినవాడు అదే ప్రశ్నను మాటలు మార్చి మళ్ళీ అడిగితే అనుమానం ఇంకాస్త బలపడుతుంది.

కానీ అలా పోల్చడానికి వేలమంది కావాలి, ఆ వేలమంది ఉన్నది ఒకరి దగ్గరే. గూగుల్ సెర్చ్‌లో చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని మెహతా 2024 ఆగస్టులో ఇచ్చిన తీర్పు దృష్టి పెట్టింది ఇక్కడే. గూగుల్‌కు 13 నెలల్లో పోగయ్యే డేటా బింగ్‌కు పోగవ్వాలంటే 17 ఏళ్ళకు పైగా పడుతుందని అందులో ఉంది. తరచూ అడిగే ప్రశ్నల్లో ఈ తేడా పెద్దగా కనిపించదు. సినిమా టికెట్ల గురించి బింగ్‌నూ తగినంత మంది అడుగుతారు. అరుదైన ప్రశ్నల దగ్గరే దెబ్బ. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో తలా ఒక స్పెల్లింగుతో టైపు చేసే మనలాంటి వాళ్ళ ప్రశ్నలు చాలావరకు ఆ కోవలోవే.

జడ్జి పంచమన్నది డేటానే, ర్యాంకింగ్ ఫార్ములాను కాదు. అందుకున్న కంపెనీ కార్నెల్ వాళ్ళు 2005లో చేసిన పనినే తన తంటాలు తాను పడి చేసుకోవాలి, స్థానం వల్ల వచ్చిన క్లిక్కులను వేరు చేసి. పైగా ఇచ్చేముందు ఎవరి క్లిక్కో తెలియకుండా డేటాను వడకట్టాలి. కొద్దిమందే అడిగిన ప్రశ్నలో ఆ మనిషి ఊరో, జబ్బో బయటపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి వడపోతలో ముందు రాలిపోయేవి అవే. పోటీదారులకు కొరతగా ఉన్నవీ అవే. ఆదేశం ప్రకారం ఏర్పడే టెక్నికల్ కమిటీ ముందున్న చిక్కుల్లో ఆ జల్లెడ కన్నం ఎంత ఉండాలన్నది ఒకటి.