నొక్కిన లైక్ ఎక్కడికి పోతుంది?

మా బంధువుల్లో ఒకావిడ ఏడో తరగతి పిల్లలకు సైన్స్ చెబుతారు. పాఠానికి నోట్స్ తయారు చేసుకోవడానికి చాట్‌జీపీటీ వాడతారు. జవాబు బాగుంటే కింద ఉన్న బొటనవేలు గుర్తు నొక్కుతారు, బాగోలేకపోతే తలకిందుల బొటనవేలు. ఆమె ఫిర్యాదు ఒక్కటే. "ఇన్నాళ్లుగా డిస్‌లైక్ కొడుతున్నాను, అయినా మళ్లీ అదే ధోరణి. నాకేం కావాలో దీనికి ఎందుకు తెలియడం లేదు?" ఈ ప్రశ్న చాలామంది నోట విన్నాను. ఎంత నొక్కినా ఆ బటన్ ఆమె గురించి మోడల్‌కు ఏమీ చెప్పదు. ఎందుకు చెప్పదో తెలిస్తే, మరి ఏం చేస్తే చెప్పినట్టవుతుందో కూడా తెలుస్తుంది.

ఆమె అలా అనుకోవడంలో తప్పు లేదు. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ మనకు అలాగే అలవాటు చేశాయి. నెట్‌ఫ్లిక్స్ 2017లో నక్షత్రాల రేటింగ్ తీసేసి బొటనవేళ్లు పెట్టింది. అక్కడ ఒక సినిమాకు లైక్ కొడితే అది మీ ఖాతా పేరు మీద నమోదవుతుంది. ఆ వ్యవస్థ లోపల ఒక పెద్ద పట్టిక ఉందనుకోండి. అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో మనిషిది, నిలువుగా ఒక్కో గడి ఒక్కో సినిమాది. మీ లైక్ మీ వరుసలో పడుతుంది. మీలాంటి వరుసలున్న మరికొందరికి ఏం నచ్చిందో చూసి దాన్ని మీ ముందు పెడతారు. అంటే ఆ యంత్రానికి పునాదే "ఎవరు" అన్న ప్రశ్న.

చాట్‌జీపీటీ వెనక ఉన్న భాషా మోడల్‌లో ఆ వరుస లేదు. మోడల్ అంటే మూలంలో ఒక సంఖ్యల రాశి. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే మోడల్‌లో ఆ సంఖ్యలు 17,500 కోట్లు. ట్రైనింగ్ జరిగే నెలల్లో వీటిని కొంచెం కొంచెంగా సర్దుతారు. ఆ పని పూర్తయ్యాక అవి స్థిరపడిపోతాయి. ఆ తర్వాత ఖమ్మంలో టీచరు అడిగినా, టొరంటోలో విద్యార్థి అడిగినా, ఒకే వెర్షన్ వాడుతున్నంతవరకు జవాబిచ్చేది అవే సంఖ్యలు. ఆ క్షణంలో దాని ముందున్న అక్షరాలు తప్ప, అడిగే మనిషి గురించి దానికి తెలిసేది ఏమీ లేదు.

టీచరు నొక్కిన ఒక్క డిస్‌లైక్ వెంట వెళ్లి చూద్దాం. "కిరణజన్య సంయోగక్రియను ఏడో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పు" అని ఆమె అడిగారు. పత్రహరితం, పిండిపదార్థం అనాల్సిన చోటల్లా ఇంగ్లిష్ మాటలు గుప్పించి, ముక్కలు ముక్కలుగా పాయింట్లు రాసిన జవాబొకటి వచ్చింది. ఆమె తలకిందుల బొటనవేలు నొక్కారు. అప్పుడు ఒక రికార్డు తయారవుతుంది. అందులో ఆ సంభాషణ, ఏ జవాబుకు రేటింగ్ ఇచ్చారు, పైకా కిందికా, కారణమేదైనా రాస్తే ఆ కారణం ఉంటాయి. ఆ రికార్డు కంపెనీ సర్వర్లలో మిగతా రికార్డుల పక్కన చేరుతుంది. మోడల్‌లోని సంఖ్యల్లో ఒక్కటి కూడా కదలదు.

ఇంకో సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. అదే చాట్‌లో ఆమె తర్వాతి ప్రశ్న అడిగినప్పుడు, యాప్ అప్పటిదాకా జరిగిన సంభాషణను మొదటి నుంచీ మళ్లీ మోడల్‌కు పంపుతుంది. మోడల్ ప్రతిసారీ దాన్ని కొత్తగా చదువుకుంటుంది. అయితే ఆ పంపే పాఠంలో మామూలుగా ఈ బొటనవేలు ఉండదు. అది వేరే దారిలో వెళ్లిపోయింది. అంటే రేపటి సంగతి అటుంచి, మరుసటి నిమిషంలో కూడా ఆ డిస్‌లైక్ మోడల్ కంట పడదు.

"మరి నేను డిస్‌లైక్ కొట్టి మళ్లీ అడిగితే బాగా చెప్పిందే!" అనేవాళ్లున్నారు. నిజమే, అలా జరుగుతుంది, కానీ కారణం వేరు. మోడల్ ప్రతి మాటనూ కొన్ని అవకాశాల్లోంచి కొంత యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. అందుకే ఒకే ప్రశ్నకు రెండోసారి వేరే జవాబు వస్తుంది, అది ఒక్కోసారి మెరుగ్గా ఉంటుంది. లైక్ కొట్టి అడిగినా అలాగే మారి ఉండేది. తేల్చుకోవాలంటే మీ గురించిన సంగతులు గుర్తుంచుకునే మెమరీని సెట్టింగుల్లో ఆపేసి, ప్రశ్నను ఒక్కసారి కాదు, వేర్వేరు కొత్త చాట్‌లలో కొన్నిసార్లు అడగాలి. కొన్నింటిలో ముందు ఏదో అడిగి ఆ జవాబుకు డిస్‌లైక్ కొట్టాక అసలు ప్రశ్న అడగాలి, కొన్నింటిలో డిస్‌లైక్ లేకుండా, ఇంకొన్నింటిలో "ఇంగ్లిష్ మాటలు తగ్గించు, పాయింట్లు వద్దు, పేరాలుగా రాయి" అని చాట్‌లో రాసి అడగాలి. మొదటి రెండు రకాల జవాబులూ కలిపేస్తే ఏది ఏదో చెప్పలేరు. మూడో రకం మాత్రం చూడగానే తెలిసిపోతుంది.

సరే, కంపెనీలు తలచుకుంటే మోడల్‌ను ఒక్కొక్కరికి తగ్గట్టు మార్చలేవా? ఆ సంఖ్యలు అందరివీ కాబట్టి ఆమె కోసం మారిస్తే అందరికీ మారిపోతాయి. ఆమెకో ప్రత్యేక ప్రతి ఉంచుదామంటే, ఒక్కో సంఖ్యకు రెండు బైట్ల లెక్కన జీపీటీ-3 ప్రతి ఒక్కటే 350 జీబీ. అసలు మోడల్‌ను కదపకుండా చిన్న అతుకు లాంటి సంఖ్యలు జోడించే పద్ధతులు ఉన్నాయి, వాటికి ఇంత చోటు అక్కర్లేదు. అప్పుడైనా అసలు చిక్కు చోటు గురించి కాదు. ఆ బొటనవేలు చెప్పేది "బాగోలేదు" అన్న ఒక్క ముక్క. ఇంగ్లిష్ ఎక్కువైందా, పాయింట్లు నచ్చలేదా, విషయం తప్పా, పొడుగైందా, లేక ఆ రోజు ఆమె తొందరలో ఉన్నారా? ఇన్ని కారణాల్లోంచి అసలుదాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి నొక్కే కొద్దిపాటి బొటనవేళ్లు ఏమాత్రం చాలవు.

అలాగని ఆ రికార్డులు చెత్తబుట్టకు పోవు. వాటిలో కొన్ని తర్వాతి వెర్షన్ల ట్రైనింగ్‌కు వాడతారు. అక్కడ జరిగేదే ఈ వ్యవహారంలో అసలు కీలకం. మోడల్‌ను మనుషుల ఇష్టానికి తగ్గట్టు మలచడానికి "రివార్డ్ మోడల్" అనే మరో మోడల్‌ను ముందుగా తయారు చేస్తారు. చాట్‌జీపీటీని తయారుచేసే ఓపెన్‌ఏఐ 2022లో ప్రచురించిన ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ పనిలో, సుమారు 40 మందిని నియమించి, ఒక్కో ప్రశ్నకు వచ్చిన నాలుగు నుంచి తొమ్మిది జవాబులను మంచి నుంచి చెడుకు వరుసలో పెట్టించారు. ఆ తీర్పుల నుంచి రివార్డ్ మోడల్ జవాబుకు మార్కులు వేయడం నేర్చుకుంది. అసలు మోడల్‌ను ఆ మార్కులు పెరిగే దిశగా సర్దారు. రివార్డ్ మోడల్‌కు ఇచ్చేవి ప్రశ్న, జవాబు. తీర్పు చెప్పింది ఎవరన్నది అందులో ఉండదు.

ఇప్పుడు మన టీచరుకు నచ్చని ఆ కిరణజన్య సంయోగక్రియ జవాబే, ఇంగ్లిష్ మీడియంలో ఎంట్రన్స్ పరీక్షకు చదువుతున్న ఒక కుర్రాడికి వచ్చిందనుకోండి. ఇంగ్లిష్ పదాలే అతనికి కావాలి కాబట్టి లైక్ కొట్టాడు. రెండు రికార్డులూ ఒకే కుప్పలో పడ్డాయి. ప్రశ్న అదే, జవాబు అదే, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఇద్దరూ తమ తమ దృష్టిలో సరిగ్గానే చెప్పారు. ఎవరు ఎవరో తెలియని రివార్డ్ మోడల్ మాత్రం "ఈ జవాబు సగం మందికి నచ్చుతుంది" అని మధ్యలో ఆగుతుంది. టీచరు అభిరుచిలో ఆమెకే ప్రత్యేకమైనది ఏదైతే ఉందో, సరిగ్గా అదే ఈ లెక్కలో కొట్టుకుపోతుంది. మిగిలేది పదిమందికీ ఉమ్మడిగా నచ్చేది.

ఆ ఉమ్మడి ఇష్టం ఎటు లాగుతుందో 2025 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చూసింది. ఓపెన్‌ఏఐ ఏప్రిల్ 25న చాట్‌జీపీటీలో వాడుతున్న జీపీటీ-4ఓ మోడల్‌కు ఒక అప్‌డేట్ ఇచ్చింది. వెంటనే జనం గమనించారు, అది ప్రతిదానికీ తల ఊపుతోంది. ఏ ఆలోచన చెప్పినా అద్భుతం అంటోంది, సందేహాలను బలపరుస్తోంది, కోపాన్ని ఎగదోస్తోంది, ఆవేశంలో తీసుకునే నిర్ణయాలకు వంత పాడుతోంది. ఏప్రిల్ 28న కంపెనీ దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఇచ్చిన వివరణలో, ఆ అప్‌డేట్‌లో చేసిన మార్పుల్లో ఒకటి వినియోగదారుల లైక్, డిస్‌లైక్‌ల ఆధారంగా అదనపు రివార్డు చేర్చడమని చెప్పింది. ఇవన్నీ కలిసి, అప్పటిదాకా ముఖస్తుతిని అదుపులో ఉంచిన ప్రధాన రివార్డు పట్టును సడలించాయని కూడా రాసింది. విడుదలకు ముందు చేసిన కొలతలు, కొద్దిమంది వినియోగదారుల మీద చేసిన పరీక్షలు బాగానే కనిపించాయి. మోడల్ తీరు ఎందుకో కొంచెం తేడాగా ఉందని నిపుణులైన పరీక్షకులు కొందరు అన్నారు, కానీ అంకెల మాటే నెగ్గింది.

ఒక్కో లైక్‌ను విడిగా చూస్తే అందులో తప్పేమీ లేదు. మనల్ని మెచ్చుకున్న జవాబుకు లైక్ కొట్టడం మనిషి సహజం. లక్షల మంది అలా నొక్కినవన్నీ కలిపినప్పుడు, ఒక్కొక్కరి అవసరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, అందరిలోనూ ఉన్న పొగడ్త మీది ఇష్టం పోగుపడుతుంది. లైక్ మన గురించి మోడల్‌కు చెబుతుందనే నమ్మకం ఇక్కడ పూర్తిగా తిరగబడుతోంది. ఆ దారిలో వెళ్లేది మనలో మనకు మాత్రమే ఉన్నది కాదు, అందరితో కలిసేది.

టీచరుకు చివరికి పనికొచ్చింది మాటలే. చాట్‌జీపీటీలో 2023 నుంచి ప్రత్యేక సూచనలు రాసుకునే చోటు ఉంది, 2024 నుంచి మెమరీ ఉంది. పేరు మెమరీ అయినా అక్కడ కూడా మోడల్‌లోని సంఖ్యలు మారవు. మీ గురించిన కొన్ని వాక్యాలను విడిగా దాచి, ప్రశ్నతో పాటు మోడల్ ముందు పెడతారు, అంతే. "తెలుగు మీడియం ఏడో తరగతి. పాఠ్యపుస్తకంలోని తెలుగు పదాలే వాడు. పాయింట్లు వద్దు, పేరాలుగా రాయి" అని ఆవిడ సెట్టింగుల్లో రాసుకున్నారు. ప్రతి కొత్త చాట్‌లోనూ మోడల్ దాన్ని చదువుతుంది కాబట్టి జవాబుల తీరు మారింది. ఎప్పుడైనా జారినా, చాట్‌లో ఒక వాక్యం గుర్తుచేస్తే సర్దుకుంటోంది. ఆ వాక్యాలు తీసేస్తే మళ్లీ పాత ధోరణే.

డిస్‌లైక్ వృథా అని కూడా నేను అనను. జవాబులో విషయం తప్పయినప్పుడు, తెలుగు పదం అసలు అర్థమే మారిపోయేలా పడినప్పుడు, దాన్ని నొక్కి కారణం రాస్తే మంచిది. అది మీ రుచికి సంబంధించిన సంగతి కాదు, ఎవరికైనా తప్పే, కాబట్టి సగటు లెక్కలో కొట్టుకుపోదు. నొక్కే ముందు మాత్రం పైకి జరిపి ఆ సంభాషణంతా ఒకసారి చూసుకోవాలి. "నా చాట్‌లు ట్రైనింగ్‌కు వాడొద్దు" అని మీరు సెట్టింగుల్లో పెట్టుకున్నా, రేటింగ్ ఇచ్చిన సంభాషణను ట్రైనింగ్‌కు వాడవచ్చని ఓపెన్‌ఏఐ నిబంధనల్లో ఉంది. క్లాడ్ అనే చాట్‌బాట్‌ను తయారుచేసే ఆంత్రోపిక్ అయితే, అభిప్రాయం పంపినప్పుడు దానికి సంబంధించిన మొత్తం సంభాషణను ఐదేళ్ల దాకా దాచవచ్చని, వాడే ముందు దాన్ని వినియోగదారుడి ఖాతా గుర్తింపు నుంచి విడదీస్తామని చెబుతుంది. ఖాతా గుర్తింపు తీసేసినా, సంభాషణలో మీరే రాసిన పేర్లు సంభాషణలోనే ఉంటాయి. టీచరుగారు అదే చాట్‌లో అంతకుముందు ఒక సెక్షన్ పిల్లల పేర్లు, మార్కులు అతికించి సగటు తీయమని అడిగారు. అలాంటి చాట్‌లో బొటనవేలు నొక్కకూడదు. తప్పును చెప్పాలనుకుంటే ఆ ప్రశ్న ఒక్కటే కొత్త చాట్‌లో అడిగి, అదే తప్పు మళ్లీ వస్తే అక్కడ నొక్కాలి.