బాలింత తలనొప్పి: పడుకుంటే తగ్గుతోందా?

సిజేరియన్ అయిన నాలుగో రోజు బాలింత ఇంటికి వచ్చింది. రాత్రంతా బిడ్డ ఏడుపు, రెండు గంటలకోసారి పాలు, మధ్యలో కాస్త కునుకు. తెల్లవారేసరికి తల పగిలిపోతోంది. "నిద్ర లేక అలా ఉంటుంది" అంటుంది తల్లి. "వెన్నులో మత్తు సూది ఇచ్చారుగా, దాని వల్లే" అంటారు అత్తగారు. చాలాసార్లు ఈ ఇద్దరిలో ఒకరి మాట నిజమే అవుతుంది. నా భయం కూడా అదే. కారణం తేలిగ్గా దొరకడంతో, ఇంకెవరూ ముందుకు ఆలోచించరు.

నిద్ర, నీళ్లు చాలక వచ్చిన నొప్పి అయితే కడుపునిండా నీళ్లు తాగి, బిడ్డను ఇంకొకరికి అప్పగించి రెండు గంటలు నిద్రపోతే తగ్గుముఖం పడుతుంది. పాలిచ్చే తల్లి పారాసెటమాల్ వేసుకోవచ్చు. అయినా తగ్గకపోతే ఆమెను ఒక ప్రశ్న అడగాలి: "పడుకుంటే తగ్గుతోందా?"

మత్తు సూది వల్ల వచ్చే నొప్పి ఆ ప్రశ్నకు స్పష్టంగా జవాబిస్తుంది. మెదడు, వెన్నుపాము చుట్టూ సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. దాదాపు 1400 గ్రాముల మెదడు ఆ ద్రవంలో తేలడం వల్ల పుర్రె లోపల దాని భారం 50 గ్రాములంత మాత్రమే. సూది గుచ్చిన రంధ్రం గుండా ద్రవం బయటికి కారితే ఆ ఆధారం తగ్గుతుంది. ఆమె లేచి కూర్చోగానే మెదడు కొద్దిగా కిందికి దిగి, చుట్టూ ఉన్న పొరలను లాగుతుంది. కొద్ది నిమిషాల్లో నొప్పి మొదలవుతుంది, పడుకోగానే తగ్గిపోతుంది. మెడ పట్టేయడం, చెవుల్లో హోరు కూడా ఉండవచ్చు. 1898లో జర్మన్ శస్త్రవైద్యుడు ఆగస్ట్ బియర్ తన సహాయకుడి చేత ఈ మత్తును తన మీదే పరీక్షింపజేసుకోబోయి, రోజుల తరబడి ఇదే నొప్పితో మంచం పట్టాడు.

ఇప్పటి సన్నని, పెన్సిల్ మొన లాంటి సూదులతో ఈ నొప్పి సుమారు నూటికి ఒకరికే వస్తుంది. తలగడ తీసేసి గంటల తరబడి కదలకుండా పడుకోబెట్టినంత మాత్రాన ఇది రాకుండా ఆగదు. చాలామందికి ఒకటి రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. బిడ్డను ఎత్తుకుని కూర్చోలేనంత తీవ్రంగా ఉంటే, మత్తు డాక్టరు ఆమె చేతి నుంచే సుమారు 20 మిల్లీలీటర్ల రక్తం తీసి, వెన్నులో ఆ రంధ్రానికి దగ్గరగా ఎక్కిస్తారు. ఆ రక్తం గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది.

ఇప్పుడు మన బాలింత దగ్గరికి వద్దాం. పడుకున్నా ఆమెకు నొప్పి తగ్గలేదు. కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పిగా ఉంది. బీపీ చూస్తే 164/112. "తొమ్మిది నెలలూ బీపీ మామూలుగానే ఉంది" అని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన నీరు కాన్పు తర్వాత తిరిగి రక్తంలోకి వస్తుంది. అందుకే మూడో రోజు నుంచి ఆరో రోజు వరకు బీపీ అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. చాలామంది తల్లులు సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటికి చేరతారు, బీపీ చూసేవారుండరు. బీపీ ప్రమాదకరంగా పెరిగే ప్రీఎక్లాంప్సియా అనే ఈ జబ్బు కాన్పు తర్వాత ఆరు వారాల లోపు మొదటిసారిగా బయటపడవచ్చు.

అందుకే నొప్పి ఏ రకంగా ఉన్నా, పడుకుంటే తగ్గేదైనా సరే, బీపీ చూడాలి. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో ఆనించి చూడాలి. 140/90 దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. తలనొప్పితో పాటు ఆ అంకె ఉంటే ఆస్పత్రికే వెళ్లాలి. 160/110 ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంత బీపీతో మెదడులో రక్తనాళం చిట్లవచ్చు, లేదా గుర్రపువాతం, అంటే మూర్ఛలు రావచ్చు. ఆస్పత్రిలో గంటలోపే మందులు మొదలుపెట్టి బీపీని అదుపులోకి తెస్తారు. మూర్ఛలు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు.

నీళ్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. బాలింత ఎక్కువ నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, జలుబు చేస్తుందని ఇప్పటికీ కొన్ని ఇళ్లలో గ్లాసులు లెక్కపెట్టి ఇస్తారు. రక్తస్రావం ఆగడానికి వీలుగా కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. దానికి నీళ్ల కరువు తోడైతే మెదడులోని సిరల్లో గడ్డలు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. ఆ తలనొప్పి రోజురోజుకూ ముదురుతుంది. వాంతులు, చూపు మసకబారడం, ఒక చెయ్యి బలహీనపడటం, మూర్ఛ తోడవుతాయి. మామూలు సీటీ స్కాన్‌లో ఇది కనిపించకపోవచ్చు, సిరలను చూపించే స్కాన్ కావాలి. మొదట మత్తు సూది నొప్పిగానే ఉండి, పడుకుంటే తగ్గుతూ వచ్చినది ఒక రోజు పడుకున్నా తగ్గకపోతే, అప్పుడూ ఈ గడ్డను అనుమానించాలి. వెన్నులో మత్తు ఎప్పుడు ఇచ్చారో, నొప్పి తీరు ఏ రోజు మారిందో డాక్టరుకు విడిగా చెప్పాలి.