చెయ్యి పక్కకి ఎత్తితే భుజం నొప్పి: అపోహలు - వాస్తవాలు

అపోహ: చెయ్యి పైకి లేవడం లేదంటే అది ఫ్రోజెన్ షోల్డరే.

వాస్తవం: ఫిజియోథెరపీకి వచ్చే చాలామంది ఈ పేరు ముందే తగిలించుకుని వస్తారు, షుగర్ ఉంటే మరీనూ. కానీ చెయ్యి లేవకపోవడం వేరు, కీలు బిగుసుకుపోవడం వేరు. జబ్బ ఎముక గుండ్రటి తలని భుజం కీలులో పట్టి ఉంచే నాలుగు కండరాల గుంపు రొటేటర్ కఫ్. దాని స్నాయువు దెబ్బతింటే నొప్పి వల్ల చెయ్యి మధ్యలో ఆగిపోతుంది, కీలు మాత్రం వదులుగానే ఉంటుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో కీలు చుట్టూ ఉన్న సంచి లాంటి పొర మందమై కుంచించుకుపోతుంది. అప్పుడు మీరు ఎత్తినా, ఇంకొకరు ఎత్తినా ఒకేచోట ఆగుతుంది.

దీన్ని తేల్చే పరీక్షకి చెయ్యి ఎత్తక్కర్లేదు. వెల్లకిలా పడుకుని మోచేతిని 90 డిగ్రీలు వంచి నడుముకి ఆనించాలి. చేతిని పూర్తిగా వదిలేస్తే ఇంకొకరు ముంజేతిని మెల్లగా బయటికి తిప్పాలి. బాగున్న చేతిని కూడా అలాగే తిప్పి పోల్చాలి. నొప్పి ఉన్న వైపు అందులో సగం కూడా తిరక్కుండా గట్టిగా ఆగిపోతే ఫ్రోజెన్ షోల్డర్‌ని అనుమానించాలి. కీలు అరిగినా ఇలాగే బిగుస్తుంది కాబట్టి ఒక ఎక్స్-రే తీయించాలి. రెండు వైపులా దాదాపు సమానంగా తిరిగితే అది ఫ్రోజెన్ షోల్డర్ అయ్యే అవకాశం చాలా తక్కువ.

పక్కకి ఎత్తి చూస్తే మోసపోతాం. కీలు బిగుసుకున్నా భుజం రెక్క ఎముక చెవివైపు లేచి చేతిని కొంత పైకి తెస్తుంది. అందుకే పరీక్షించేవారు భుజం పైన ఒక చేత్తో అదిమి పట్టుకుంటారు.

ఉదాహరణకి, షుగర్ ఉన్న 54 ఏళ్ల మహిళ. 3 నెలలుగా దండెం మీద బట్టలు ఆరేయలేకపోతున్నారు, నొప్పి ఉన్న వైపు తిరిగి పడుకోలేకపోతున్నారు. తనంతట తాను ఎత్తితే 70 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది. పడుకోబెట్టి మనం ఎత్తితే 160 దాకా వెళ్తోంది. 70 నుంచి 120 మధ్య పోటు, ఆ పైన తగ్గుతోంది. ముంజేతిని బయటికి తిప్పితే నొప్పి ఉన్న వైపు 55, బాగున్న వైపు 60. ముంజేతిని బయటికి నెట్టమని మనం అడ్డుపడితే జబ్బ బయటివైపు నొప్పి వస్తోంది. షుగర్ ఉన్నా సరే, ఇది రొటేటర్ కఫ్ నొప్పే.

ఈమెకి తాడు-కప్పీతో చేతిని బలవంతంగా పైకి లాగిస్తే నొప్పి పుట్టే ఆ మధ్య భాగంలోంచే రోజూ స్నాయువుని లాగినట్టవుతుంది, రాత్రి నొప్పి పెరుగుతుంది. ముందు చేయాల్సింది ఇది: చంకలో మడిచిన తువ్వాలు పెట్టుకుని, మోచెయ్యి వంచి, ముంజేతి వెనకభాగాన్ని గోడకి ఆనించి కదలకుండా 30 సెకన్లు నెట్టాలి. ఇలా 5 సార్లు, రోజుకి రెండు పూటలా. నొప్పి 10కి 3 దాటకూడదు, మర్నాటికి మిగలకూడదు. తగ్గుతున్నకొద్దీ సాగే బ్యాండ్‌తో, ఆ తర్వాత బరువుతో చేయించాలి. దీనికి 12 వారాలైనా ఓపిక పట్టాలి. రెండు వారాలకే మానేసి ‘ఎక్సర్‌సైజు పనిచేయలేదు’ అనేవాళ్లే ఎక్కువ.

అపోహ: నొప్పి జబ్బలో ఉంటే భుజానిదే, మెడకి సంబంధం లేదు.

వాస్తవం: మెడ నరం నొక్కుకుపోయినా జబ్బ బయటివైపే నొప్పి రావచ్చు. అయితే కఫ్ నొప్పి సాధారణంగా మోచెయ్యి దాటదు. మోచేతి కిందికి పాకినా, వేళ్లలో తిమ్మిరి ఉన్నా, తల పైకెత్తి నొప్పి ఉన్న వైపు తిప్పితే చెయ్యంతా జివ్వుమన్నా మెడ చూడాలి. ఇంకో మంచి ఆనవాలు ఉంది: అరచెయ్యి నెత్తిమీద పెట్టుకుంటే మెడ నొప్పి ఉన్నవాళ్లలో కొందరికి హాయిగా ఉంటుంది, ఎందుకంటే నరం మీద లాగుడు తగ్గుతుంది. కఫ్ నొప్పి ఉన్నవాళ్లకి అదే భంగిమ బాధ పెడుతుంది. నొప్పి పెద్దగా లేకుండా చెయ్యి లేవడమే మానేస్తే మాత్రం ఇంట్లో పరీక్షలతో ఆగకండి. మెడలోని ఐదో నరం బలహీనపడినా, కఫ్ పూర్తిగా తెగినా అలాగే ఉంటుంది. వయసు పైబడినవారిలో మెడ, భుజం రెండూ కలిసి ఉండటమూ మామూలే.

అపోహ: ఎంఆర్‌ఐలో కఫ్ స్నాయువుకి చిరుగు కనిపిస్తే ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: 60 దాటినవాళ్లలో నొప్పే లేని భుజాల్లోనూ చిరుగులు కనిపిస్తుంటాయి. రిపోర్టు కంటే పరీక్షలో తేలిన బలహీనతే ముఖ్యం. కానీ కింద పడ్డ రోజునుంచి చెయ్యి లేవకపోతే లెక్క వేరు. తెగిన స్నాయువు వెనక్కి జరిగి, కండరంలో కొవ్వు పేరుకుంటే కుట్టడం కష్టమవుతుంది కాబట్టి వారం లోపే ఎముకల డాక్టరుకి చూపించాలి. భుజం ఎటు కదిపినా మారని నొప్పి, నడిస్తే పెరిగి చెమటలు, ఆయాసం తెస్తుంటే ఈ పరీక్షలన్నీ పక్కనపెట్టి వెంటనే ఈసీజీకి వెళ్లాలి.